ముప్పై రెండు బస్తాలు తగ్గితే...

గుంటూరు మిర్చి యార్డు నుంచి 250 బస్తాల ఎండుమిర్చి లారీలో ఢిల్లీకి బయల్దేరిందనుకుందాం. బస్తాకు 40 కిలోలు. కిలో 150 రూపాయల చొప్పున సరుకు విలువ 15 లక్షలు. సరుకు చేరేదాకా పూచీ గుంటూరు వ్యాపారిదే కనుక, ఇన్వాయిస్ విలువ మీద పది శాతం కలిపి 16.5 లక్షలకు రవాణా బీమా తీసుకున్నాడు. ఢిల్లీలో హమాలీలు దించి లెక్కపెడితే 218 బస్తాలే తేలాయి.

తగ్గిన 32 బస్తాలకు, బస్తాకు 6,600 చొప్పున, 2,11,200 రూపాయలు రావాలి. ఆ డబ్బు వస్తుందా రాదా అన్నది చాలావరకు లారీ ఇంకా గోదాము దగ్గర ఉండగానే తేలిపోతుంది.

సరుకు ముట్టినట్టు డ్రైవరు సంతకం అడిగే లారీ రసీదు మీదే మొదటి తప్పు జరుగుతుంది. హడావుడిలో ఏమీ రాయకుండా సంతకం చేస్తే, సరుకంతా సరిగా చేరిందని ఒప్పుకున్నట్టే. ‘250కి 218 బస్తాలే అందాయి, 32 తక్కువ’ అని రసీదు మీదే రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించుకోవాలి. కొరతను ధ్రువీకరిస్తూ రవాణా సంస్థ నుంచి సర్టిఫికెట్ కూడా అడగాలి.

అదే రోజు బీమా కంపెనీకి కబురు వెళ్లాలి. ఫోన్‌లో చెప్పినా, ఉత్తరం తప్పదు. ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు:

‘మా పాలసీ కింద జూన్ 1న గుంటూరు నుంచి ఢిల్లీకి పంపిన 250 బస్తాల ఎండుమిర్చిలో 32 బస్తాలు దారిలో పోయాయి. కొరత జూన్ 5న సరుకు దించుతుండగా బయటపడింది. నష్టం అంచనా 2,11,200 రూపాయలు. సర్వేయరును పంపండి. రవాణా సంస్థకు నోటీసు ఇచ్చాం. జత చేసిన పత్రాలు:
1. పాలసీ లేదా బీమా సర్టిఫికెట్
2. ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితా
3. కొరత రాసి ఉన్న లారీ రసీదు, ఈ-వే బిల్లు
4. రెండు చోట్ల కాటా చీటీలు
5. రవాణా సంస్థ ఇచ్చిన కొరత సర్టిఫికెట్
6. పోలీసు ఫిర్యాదు నకలు
7. రవాణా సంస్థకు పంపిన నోటీసు నకలు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు
8. లెక్కతో క్లెయిమ్ బిల్లు.’

పాలసీ నంబరు, లారీ నంబరు, లారీ రసీదు నంబరు ఉత్తరం పైనే కనబడాలి. ఏదైనా పత్రం ఇంకా చేతికి రాకపోతే ‘తర్వాత పంపుతాం’ అని రాస్తే సరిపోతుంది. దానికోసం ఉత్తరం ఆపకూడదు.

ఈ జాబితాలో కాటా చీటీలకు ప్రత్యేకమైన పని ఉంది. మిర్చి దారిలో ఆరి కొంత తూకం తగ్గడం మామూలే. అలాంటి సహజమైన తరుగుకు బీమా డబ్బివ్వదు. బస్తాలే మాయమయ్యాయని చూపించేది బస్తాల లెక్క, రెండు తూకాల మధ్య తేడా. పాలసీ రకం కూడా చూసుకోవాలి. దేశంలోపల రవాణాకు వాడే ‘ఎ’ క్లాజులలో దొంగతనం, కొరత కవరవుతాయి. ‘బి’ క్లాజులలో అగ్నిప్రమాదం, లారీ బోల్తా, ఢీకొనడం వంటి పేరు పెట్టి చెప్పిన ప్రమాదాలకే రక్షణ.

వ్యాపారులు ఎక్కువగా వదిలేసేది ఏడో పత్రాన్ని. బీమా కంపెనీయే డబ్బిస్తుంటే లారీవాళ్లకు నోటీసెందుకని అనుకుంటారు. డబ్బు చెల్లించాక ఆ నష్టాన్ని రవాణా సంస్థ నుంచి రాబట్టే హక్కు బీమా కంపెనీకి దక్కుతుంది. 2010లో ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతే పరిశీలించింది. రవాణాలో ఒక నూలు మిల్లు సరుకు దెబ్బతింటే, పరిహారం చెల్లించిన బీమా కంపెనీ ఆ మిల్లుతో కలిసి రవాణా సంస్థపై వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. అలా కలిసి ఫిర్యాదు చేయడం చెల్లుతుందని కోర్టు తేల్చింది.

అయితే ముందుగా నోటీసు లేకపోతే రవాణా సంస్థపై దావా నిలవదు. వ్యాపారి నిర్లక్ష్యంతో తన హక్కు పోయిందని చూపి, బీమా కంపెనీ క్లెయిమ్‌లో కోత పెట్టవచ్చు, నిరాకరించనూ వచ్చు.

ఆ నోటీసుకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 180 రోజుల గడువిచ్చింది. 1865 నాటి పాత చట్టంలో నష్టం తెలిసిన రోజు నుంచి ఆరు నెలలు లెక్కించేవారు. ఇప్పుడు సరుకు బుక్ చేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. జూన్ 1న బుక్ చేసిన మన మిర్చికి నవంబరు 28తో గడువు ముగుస్తుంది. సర్వే నడుస్తోందనో, బీమా కంపెనీ జవాబు రాలేదనో ఆ తేదీ ముందుకు జరగదు. అందుకే బీమా కంపెనీకి ఉత్తరం రాసిన రోజే రవాణా సంస్థకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఆ రసీదును జాగ్రత్తగా దాచుకోండి.