కొట్టిన కాయ ఎన్నాళ్ళుంటుంది?

కార్తీక పౌర్ణమి మర్నాడు చాలా తెలుగిళ్ళల్లో ఫ్రిజ్ నిండా కొబ్బరే. గుళ్ళో కొట్టించుకొచ్చిన చిప్పలు, పక్కింటివాళ్ళు ప్రసాదమని చేతిలో పెట్టిన ముక్కలు గిన్నెల్లో, కవర్లలో కిక్కిరిసి ఉంటాయి. ఒక రోజు పచ్చడి, ఒక రోజు కొబ్బరన్నం. నాలుగో రోజుకి మిగిలిన చిప్ప మీద వేలు పెడితే జిగటగా తగులుతుంది, సబ్బు వాసన వేస్తుంది. అదే కాయను కొట్టకుండా వంటింటి మూలన పెట్టి ఉంటే వారాల తరబడి బాగానే ఉండేది.

పగలని కాయలోకి గాలి గానీ సూక్ష్మజీవులు గానీ తేలిగ్గా చొరబడలేవు. గట్టి పెంకు అడ్డుంటుంది. కాయకున్న బలహీనమైన చోటల్లా ఆ మూడు కళ్ళే. వాటిలో ఒకటి మెత్తన, మొలక వచ్చేది దాన్లోంచే. పీచు వలిచేటప్పుడు కళ్ళ మీద పిలక ఉంచడం దేవుడి కోసమే అనుకుంటాం గానీ, నిల్వకీ అది పనికొస్తుంది. పిలక పీకేసిన కాయ కళ్ళ దగ్గర తడి తగిలి త్వరగా పాడవుతుంది. అందుకే కొనేటప్పుడు ముందు చూడాల్సింది అక్కడే. కళ్ళ చుట్టూ చెమ్మ, బూజు ఉన్నా, పెంకు మీద సన్నని బీట కనిపించినా ఆ కాయ వద్దు. ఊపితే నీళ్ళు కదలాలి, చేతికి బరువుగా ఉండాలి. నీళ్ళ చప్పుడే లేకుంటే ఎక్కడో బీట ఉండి నీళ్ళు ఇంకిపోయి ఉండొచ్చు.

ఇక కొట్టడం. నేలకేసి బాదితే కాయ పగులుతుంది గానీ నీళ్ళు పోతాయి, ముక్కలకి మట్టి అంటుతుంది. ఇంట్లో కాయను ఎడమ అరచేతిలో అడ్డంగా పట్టుకుని, పిలక ఒక పక్కకీ అడుగు ఇంకో పక్కకీ ఉండేలా చూసి, సరిగ్గా నడుం మీద కత్తి వెనక వైపుతో, అంటే పదును లేని అంచుతో, కొట్టాలి. ఒకేచోట బలంగా మోదక్కర్లేదు. ఒక దెబ్బ, కాస్త తిప్పడం, మళ్ళీ దెబ్బ. కాయ చుట్టూ ఆ గీత మీదే రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఠంగుమనే చప్పుడు మారి బొంగురుపోతుంది. పెంకు చిట్లిందని అర్థం. అప్పుడు గిన్నె మీద పట్టి బీటలోంచి నీళ్ళు వంపి, రెండు చిప్పలుగా విడదీయాలి. ఆ నీళ్ళు తాగేముందు వాసన చూడాలి. పుల్లగా గానీ పులిసినట్టు గానీ ఉంటే కాయ మొత్తం పారేయాల్సిందే.

చిప్పలోంచి కొబ్బరి ఊడబెరకడానికి కత్తి మొనతో పొడిచి అరచెయ్యి కోసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. చిప్పను పెంకు వైపు నుంచి సన్నని మంట మీద ఒకటి రెండు నిమిషాలు తిప్పుతూ కాస్తే చాలు. వేడికి పెంకు, కొబ్బరి ఒకదాన్నొకటి వదులుతాయి. తర్వాత మొండి చాకు దూర్చి మెల్లిగా లేపితే పెద్ద ముక్కలుగా వస్తుంది. కోరుకోవాలంటే మాత్రం చిప్పతోనే ఉంచాలి. కోరాం ముందు కూర్చుని, చిప్పను అంచు నుంచి మొదలుపెట్టి తిప్పుతూ లోపలికి రావాలి. నడిమధ్య నుంచి మొదలుపెడితే అక్కడ త్వరగా పెంకు తగులుతుంది, అంచుల్లో కొబ్బరి మిగిలిపోతుంది. గోధుమరంగు పొర కనిపించగానే చిప్ప తిప్పేస్తే కోరు మల్లెపువ్వులా తెల్లగా వస్తుంది. లడ్డూలకీ బూరెల పూర్ణానికీ అలాంటిదే కావాలి. పచ్చడికైతే ఆ పొర పడినా నష్టం లేదు.

అసలు సమస్య ఇక్కడి నుంచి. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరు, మూడో వంతు కొవ్వు. పులుపు దాదాపు లేదు కాబట్టి సూక్ష్మజీవులకి అడ్డే ఉండదు. అవి కొవ్వును విడగొట్టినప్పుడు బయటపడే ఆమ్లాలదే ఆ సబ్బు వాసన. గాలి తగిలే మేర పెరిగేకొద్దీ పాడవడం వేగమవుతుంది. అందుకే కోరు ముందు పోతుంది, ముక్కలు ఆ తర్వాత పోతాయి. కోరి ఫ్రిజ్‌లో పెట్టినది రెండు మూడు రోజుల్లో వాడేయాలి. ముక్కలైతే మూత బిగువుగా ఉన్న డబ్బాలో నాలుగైదు రోజులు ఆగుతాయి. వెనకటివాళ్ళు చిప్పకి ఉప్పు రాసేవారు. ఉప్పు పైపైన తడిని లాగుతుంది కాబట్టి మహా అయితే ఒక పూటో రోజో కలిసొస్తుంది, అంతే.

నెలలపాటు ఉండాలంటే ఫ్రీజరే దిక్కు. కార్తీక పౌర్ణమికి ఒక ఇంట్లో నాలుగు కాయలు చేరాయనుకుందాం. పీచు వలిచిన కాయ 600 గ్రాములుంటే అందులో కొబ్బరి 300 గ్రాముల దాకా ఉంటుంది, అంటే మొత్తం కిలోకి పైనే. గుడి చిప్పలకి కుంకుమ, మట్టి అంటి ఉంటాయి కనుక ముందు కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. ఒక కాయ ముక్కలు ఈ వారం పచ్చడికని ఫ్రిజ్‌లోకి వెళతాయి. మిగతా మూడూ అదే రోజు కోరేయాలి, రేపటికి వాయిదా వేయకూడదు. ఆ కోరును ఒక పూట కూరకి సరిపడే గుప్పెళ్ళుగా విడదీసి, చిన్న కవర్లలో పోసి, గాలి పోయేలా అరచేత్తో పలచగా అప్పడంలా నొక్కి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పేర్చాలి. మూడు నెలలు నిశ్చింత. పెద్ద డబ్బాలో ఒకే ముద్దగా పెడితే ప్రతిసారీ మొత్తం కరిగించాల్సి వస్తుంది, కరిగింది మళ్ళీ గడ్డకట్టించకూడదు.

తీసి వాడేటప్పుడు ఒక చిక్కుంది. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఫ్రీజర్ కోరును చల్లనీళ్ళతో మిక్సీలో వేస్తే పచ్చట్లో తెల్లటి వెన్నలాంటి పలుకులు తేలుతాయి. పాడైందని చాలామంది పారబోస్తారు. అది గడ్డకట్టిన కొవ్వే. గోరువెచ్చని నీళ్ళు పోసి రుబ్బితే రాదు.

నిజంగా పాడైనది మాత్రం వేరేగా ఉంటుంది. వేలికి జిగట, పసుపు గానీ గులాబీ గానీ బూడిదరంగు గానీ మచ్చలు, పులిసిన వాసన. బూజు పట్టిన చోటు కోసేసి మిగతాది వాడుకోవడం కొబ్బరి విషయంలో ప్రమాదం. తడి ఎక్కువున్న పదార్థంలో బూజు కంటికి కనపడేంత దూరంలోనే ఆగదు, దాని విషాలన్నీ మరిగిస్తే పోయేవీ కావు. డెన్మార్క్‌లో 69 ఏళ్ళ వ్యక్తి ఫ్రిజ్‌లో ఉంచాల్సిన, పైపీచు చెక్కిన కొబ్బరిబోండాన్ని నెలపాటు బల్ల మీదే ఉంచి, స్ట్రాతో కాసిన్ని నీళ్ళు పీల్చాడు. రుచి బాగాలేదని వెంటనే ఆపేశాడు. అయినా ప్రాణం దక్కలేదు. లోపల పెరిగిన బూజు తయారుచేసిన విషమే కారణమని వైద్యులు తేల్చారు.

ఫ్రిజ్ లేని రోజుల్లో కోనసీమ రైతులు ఎంచుకున్న దారి వేరు. వాళ్ళు కాయను అసలు కొట్టేవారే కాదు. బాగా ముదిరిన కాయల్ని పీచుతో సహా అటకమీదో పాకలోనో గాలి ఆడేచోట ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా వదిలేస్తారు. లోపల నీళ్ళు మెల్లిగా ఇంకిపోతాయి, కొబ్బరి ఎండి పెంకు నుంచి విడిపోయి గుండ్రంగా నిలుస్తుంది. అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్‌లో ఇప్పటికీ దానికి మంచి గిరాకీ ఉంది. తయారైందో లేదో చూడ్డానికి కాయ పగలగొట్టక్కర్లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే నీళ్ళ చప్పుడుకి బదులు లోపల బంతి దొర్లినట్టు లొడలొడమంటుంది.