గరిటెకు అంటిన ఎంగిలి

అమెరికాలో హోటల్ పనిలో చేరినవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఒక చిన్న పరీక్ష ఉంటుంది. కాలిఫోర్నియానే తీసుకుంటే, పనిలో చేరిన 30 రోజుల్లోపు ఫుడ్ హ్యాండ్లర్ కార్డు తెచ్చుకోవాలి. పరీక్షలో కనీసం 40 ప్రశ్నలుంటాయి, 70 శాతం వస్తే పాస్. అందులో తరచూ కనిపించే తరహా ప్రశ్న ఇది: వేరుశనగ అలర్జీ ఉన్న మనిషికి పెట్టాల్సిన సలాడ్‌లో పొరపాటున పల్లీలు పడ్డాయి, ఏం చేస్తారు? పల్లీలు ఏరేసి ఇచ్చేస్తామంటే తప్పు. ఆ సలాడ్ పక్కన పెట్టేసి, శుభ్రమైన గిన్నెలో మళ్లీ కొత్తగా చేయాలి.

నాలుగు పల్లీల కోసం అంత హడావుడా అనిపిస్తుంది. కానీ అలర్జీ తెప్పించేది ఆహారంలోని ప్రోటీన్. పచ్చి చికెన్ మీది సూక్ష్మజీవులు ప్రాణమున్నవి కాబట్టి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడికితే చస్తాయి. ప్రోటీన్‌కు ప్రాణం లేదు, చావడమూ లేదు. ఉడికించినా వేయించినా అలర్జీ పోయిందని నమ్మడానికి వీల్లేదు. అందుకే సూక్ష్మజీవులు అంటుకోవడాన్ని క్రాస్ కంటామినేషన్ అని, అలర్జీ పదార్థం అంటుకోవడాన్ని క్రాస్ కాంటాక్ట్ అని పరీక్షలో విడివిడిగా అడుగుతారు.

మనవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: ఎంగిలి. ఎంగిలి గరిటె తగిలిన కూరను ఎంత మరగబెట్టినా ఎంగిలి పోయిందని మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు. శాకాహారులకు వేరే గరిటె, వేరే మూకుడు పెట్టే వంటమనిషికి ఈ పాఠం సగం వచ్చినట్టే. తేడా ఒక్కటే, ఈ ఎంగిలి సబ్బుతో తోమితే పోతుంది.

అమెరికా చట్టం గుర్తించిన ప్రధాన అలర్జీ పదార్థాలు తొమ్మిది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతల జాతి, జీడిపప్పు, బాదంలాంటి చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా ముందునుంచీ ఉన్నవి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు చేరాయి. జాబితా బట్టీ పట్టడం తేలికే. మన వంటింట్లో అవి ఏ వేషంలో ఉన్నాయో పట్టుకోవడమే కష్టం. నెయ్యి అంటే పాలే. గ్రేవీ చిక్కదనం జీడిపప్పు ముద్దది. ఇడ్లీలో గోధుమ ఎక్కడుంటుందని ధీమాగా ఉంటామా, పక్కనున్న సాంబారులోని ఇంగువ డబ్బా తిప్పి చూస్తే చాలాసార్లు గోధుమపిండో మైదానో కనిపిస్తుంది.

శనివారం రాత్రి, రద్దీ వేళ అనుకుందాం. సర్వర్ కుర్రాడు వంటగదిలోకి వచ్చాడు.

"అన్నా, నాలుగో టేబుల్‌కి చికెన్ ఫ్రై. ఆయనకు జీడిపప్పు అలర్జీ."

"ఫ్రైలో జీడిపప్పు ఎక్కడిదిరా?"

"ఫ్రైలో లేదన్నా, ఇందాక ఉప్మా కోసం ఆ నూనెలోనే వేయించావు కదా!"

కుర్రాడు పరీక్ష పాసైనట్టే. ఆ నూనె ఇక పనికిరాదు. వంటమనిషి చేతులు సబ్బుతో కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. శానిటైజర్ రాసుకుంటే చాలదు, అది సూక్ష్మజీవులను చంపుతుందేగానీ జీడిపప్పు జిడ్డును తీసేయదు. మూకుడు, గరిటె, కత్తి, పలక సబ్బునీళ్లతో తోమి, మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే శానిటైజర్‌లో ముంచి ఆరబెట్టాలి. మసాలా పొడి ప్యాకెట్ మీద రాసింది చదవాలి. చికెన్ కొత్త నూనెలో వేగాలి. పైన చల్లే కరివేపాకు కూడా జీడిపప్పు పలుకులు రాలిన గిన్నెలోది కాకూడదు. చివరికి ఆ ప్లేటును మిగతావాటితో కలిపి ట్రేలో పెట్టకుండా విడిగా తీసుకెళ్లాలి. వీటిలో ఏది కుదరకపోయినా, ఈ వంటకం మీకు ఇవ్వలేమండీ అని చెప్పేయడమే సరైన జవాబు.

సరుకు మార్చినప్పుడు ఇంకా జాగ్రత్త. ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో 2014లో వేరుశనగ అలర్జీ ఉన్న ఒకాయన గింజలేవీ వద్దని చెప్పి మరీ చికెన్ టిక్కా మసాలా తెప్పించుకున్నాడు. డబ్బు మిగులుతుందని యజమాని అప్పటికే బాదంపొడి బదులు వేరుశనగ కలిసిన పొడి వాడుతున్నాడు. తిన్న మనిషి చనిపోయాడు. 2016లో కోర్టు యజమానికి ఆరేళ్ల జైలుశిక్ష వేసింది.

మనతో చిక్కేమిటంటే, కడుపు ఉబ్బరానికీ గొంతు పూడుకుపోవడానికీ ఒకటే మాట వాడతాం: "నాకు పడదు". వినేవాడికి అది ఇష్టంలేదన్నట్టు కూడా వినిపిస్తుంది. నిజంగా అలర్జీ ఉంటే హోటల్లో ఆ మాట వాడకండి. అలర్జీ అనే చెప్పండి, ఏ పదార్థమో పేరు చెప్పండి, ఇదివరకు తిన్నప్పుడు ఏమైందో కూడా చెప్పండి. తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా నీళ్లు తాగి చూద్దామని కూర్చోకుండా వెంటనే అంబులెన్స్ పిలిపించండి. డాక్టర్ రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ మీ దగ్గరుంటే, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా దాన్ని వాడండి.