కిలో కేకుకు ఎంత చెప్పాలి?

విజయవాడలో ఒకావిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్మాలనుకుంటోంది అనుకుందాం. ఉన్నది 30 లీటర్ల ఓటీజీ, రెండు చేతులు, ఫోన్‌లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. ప్రచారానికి నెలకు 500 రూపాయలు కూడా పెట్టలేదు. వీధి చివరి బేకరీలో కిలో చాక్లెట్ కేకు 600 రూపాయలు. ఈమె 550 చెబుతుంది. తక్కువకిస్తే నలుగురూ వస్తారని ఆశ.

వస్తారు కూడా. కానీ లెక్క వేసి చూద్దాం. నూనె, రెడీమిక్స్, వెజిటబుల్ క్రీమ్, కాంపౌండ్ చాక్లెట్‌తో చేస్తే సరుకులకు సుమారు 250 అవుతుంది. పెట్టె, కింద అట్టకు 50, కరెంటు వగైరాకు 20. మొత్తం 320. చేతికి మిగిలేది 230. బేక్ చేసి, చల్లార్చి, క్రీమ్ పూసి, గిన్నెలు కడిగి, ఫోన్‌లో మాట్లాడేసరికి ఒక్కో కేకుకు మూడు గంటల పని. నెలకు 20 కేకులు చేస్తే 60 గంటలకు 4,600 రూపాయలు.

బేకరీకి ఈ ఇబ్బంది లేదు. పెద్ద ఓవెన్‌లో ఒకేసారి పదుల కొద్దీ స్పాంజీలు కాలుస్తుంది, మైదా బస్తాల్లో కొంటుంది. అది ధర ఇంకో యాభై తగ్గించినా తట్టుకుంటుంది. ఈమె ఓటీజీలో ఒకసారికి ఒక కిలో కేకే పడుతుంది. ఆర్డర్లు పెరిగితే నిద్ర తగ్గుతుంది తప్ప ఖర్చు తగ్గదు. చౌక ధర ఎక్కువ సరుకు అమ్మగలిగిన వాళ్ల ఆయుధం.

ఇప్పుడు రెండో దారి. అదే కేకును వెన్న, పాల క్రీమ్, అసలు చాక్లెట్‌తో చేస్తే సరుకులకు 470, మంచి పెట్టెకు 70, కరెంటుకు 20. మొత్తం 560. దానికి 1,200 చెబితే మిగిలేది 640. సగానికి పైగా కొనేవాళ్లు పోయి నెలకు ఎనిమిదే అమ్మినా 5,120 వస్తుంది. పని 24 గంటలే.

అయితే ధర పెంచినంత మాత్రాన కేకు మేలురకం అయిపోదు. కాంపౌండ్ చాక్లెట్‌లో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికే కరుగుతుంది. అందుకే అసలు చాక్లెట్ నాలుక మీద జారిపోతుంది, కాంపౌండ్ మైనంలా అంగిలికి అంటుకుంటుంది. పేర్లు తెలియకపోయినా తిన్నవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. కాంపౌండ్ వాడి 1,200 తీసుకుంటే రెండో ఆర్డరు రాదు.

ఈ దారిలోనూ చిక్కులున్నాయి. మే నెలలో ఏసీ లేని హాల్లో పాల క్రీమ్ కేకు అరగంట నిలబడదు. ఎండను తట్టుకునేది వెజిటబుల్ క్రీమే. అలాంటి ఆర్డరు వస్తే, ఒక వంతు క్రీమ్‌కు రెండు వంతుల డార్క్ చాక్లెట్ కలిపిన గట్టి గనాష్‌తో చేస్తానని చెప్పాలి. కుదరదంటే ఆ ఆర్డరు వదులుకోవాలి. వదులుకోవడం కష్టమే. కానీ కూలిన కేకు ఫోటో అదే వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది.

ఇక డబ్బు లేకుండా నలుగురికీ తెలిసేదెలా? ‘ప్రారంభ ఆఫర్’ మాత్రం వద్దు. 550కి తిన్నవాళ్లను మూడు నెలల తర్వాత 1,200 అడిగితే మొహం చిట్లిస్తారు. ధర తగ్గించే బదులు కేకును చిన్నది చేయడం మేలు. పావు కిలో కేకు 350కి ఇస్తే, కొత్తవాళ్లు భయం లేకుండా రుచి చూస్తారు. దానికంటే చౌకైన మార్గం ఇంకొకటుంది. వెన్నతో చేసిన ఒక టీ కేకుకు సుమారు 200 ఖర్చవుతుంది. పన్నెండు ముక్కలు కోసి పన్నెండు ఇళ్లకు పంపాలి, పైన ఒక చీటీ: ‘వెన్నతో చేసినది, నూనె లేదు’. నెల ప్రచారం ఖర్చు అంతే. పెట్టె మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ 14 అంకెల నంబరు వేయడం తప్పనిసరి. ముక్కూ మొహం తెలియనివాళ్లు పిల్లల పుట్టినరోజుకు ఆర్డరివ్వాలంటే ఆ నంబరు ధైర్యమిస్తుంది.

చుట్టుపక్కల ఎవరూ 1,200 పెట్టలేని వీధి అయితే? అప్పుడు పుట్టినరోజు కేకులు మానేసి, ఒక ట్రేలో పదహారు ముక్కలొచ్చే బ్రౌనీలు, కప్ కేకుల వైపు వెళ్లడం నయం. ఒక కాల్పుకు ఎక్కువ ముక్కలొచ్చే చోటే ఇంట్లోవాళ్లకు తక్కువ ధర గిట్టుబాటవుతుంది.

ఇప్పటికే అమ్ముతున్నవాళ్లు ఈ నెల చేసే ప్రతి కేకు పక్కన ఖర్చుతో పాటు పట్టిన గంటలు కూడా రాసి పెట్టుకోండి. వచ్చే నెల ధర ఆ పుస్తకం చూసి చెప్పండి, వీధి చివరి బేకరీ బోర్డు చూసి కాదు.