జేబులోని గమ్ పట్టీ: పొగ మానిన తరువాత నికోటిన్‌ను ఎలా దించుకోవాలి?

కొన్ని నెలల క్రితం ఒక సోదరి నుండి మాకు లేఖ అందింది. ఆమె భర్తకు బట్టల దుకాణం ఉంది. ఇరవై రెండేళ్ళపాటు రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చిన ఆయన, అల్లాహ్ దయతో పధ్నాలుగు నెలలుగా ఒక్కటి కూడా ముట్టలేదు. అయితే మానడానికి ఆసరాగా తీసుకున్న నికోటిన్ గమ్ మాత్రం ఆయన జేబును వదలలేదు. రోజుకు పది ముక్కలు నములుతున్నారు. “ఒక నషా పోయి మరో నషా వచ్చి చేరిందా? ఇది జీవితాంతం ఉండిపోతుందా?” అని ఆ సోదరి అడిగింది. ఈ భయంతోనే ఒకనాడు ఆమె గమ్ పట్టీలన్నీ దాచివేసిందట. మరునాడు సాయంత్రం ఆయన దుకాణం వెనుక సందులో రెండు సిగరెట్లు కాల్చి వచ్చారు. పధ్నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

ఈ లేఖను మేము ఒక ఛాతీ వ్యాధుల వైద్యుని ముందుంచాము. ఆయన మొదట అన్న మాట ఇది: “గమ్ దాచిన రోజున ఆ ఇంట్లో తగ్గింది నికోటిన్ కాదు, రక్షణ.” ఆ మాటకు అర్థం తెలియాలంటే, సిగరెట్‌లోని నికోటిన్‌కూ గమ్‌లోని నికోటిన్‌కూ గల తేడాను ముందుగా చూడాలి.

పదార్థం ఒకటే, తేడా అంతా వేగంలో ఉంది. సిగరెట్ పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరుతుంది. ఆ తక్షణ తృప్తే మనిషిని కట్టివేస్తుంది. గమ్‌లోని నికోటిన్ చిగుళ్ళ పక్కనున్న చర్మం గుండా మెల్లగా రక్తంలోకి ఇంకుతుంది, పూర్తిగా అందడానికి సుమారు అరగంట పడుతుంది. ప్యాచ్ ఇంకా నిదానం. ఉదయం అంటిస్తే గరిష్ఠ స్థాయికి చేరడానికి కొన్ని గంటలు కావాలి. అందుకే ప్యాచ్‌కు బానిసైనవారు దాదాపు కనిపించరు. గమ్ విషయంలో మాత్రం కొందరు నెలల తరబడి, అరుదుగా ఏళ్ళ తరబడి కొనసాగుతారు. సోదరి భయం పూర్తిగా నిరాధారం కాదని మేము ఒప్పుకోవాలి.

పరిమాణం కూడా చూద్దాం. ఒక సిగరెట్ నుండి శరీరానికి అందేది సుమారు ఒక మిల్లీగ్రాము, కొన్నిసార్లు అంతకు కాస్త ఎక్కువ. 2 మిల్లీగ్రాముల గమ్ ముక్క నుండి అందేది దాదాపు సగం, అంటే ఒక మిల్లీగ్రాము. ఇరవై సిగరెట్ల మనిషి పది ముక్కలకు చేరాడంటే ఆయన నికోటిన్ అప్పటికే సగానికి దిగింది. తారు, కార్బన్ మోనాక్సైడ్ అయితే పూర్తిగా పోయాయి. ఊపిరితిత్తులనూ గుండెనూ ప్రధానంగా పాడుచేసేవి పొగలోని ఆ విషాలే. అమెరికా, కెనడాలలో 5,887 మంది పొగతాగేవారితో జరిగిన ‘లంగ్ హెల్త్ స్టడీ’లో మూడువేల మందికి పైగా గమ్ వాడారు. వారిలో చాలామంది ఏళ్ళపాటు వాడినా, గమ్ మూలంగా గుండె జబ్బులతో ఆసుపత్రి పాలవడం పెరగలేదు. నికోటిన్ మంచిదని దీని అర్థం కాదు. ఆ మనిషి ముందు రెండు దారులున్నప్పుడు ఏది ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది.

ఇక దించుకోవడం ఎలా? ప్యాచ్ మార్గం సులభం, ఎందుకంటే మెట్లు పెట్టె మీదే ఉన్నాయి. రోజుకు పదికి మించి సిగరెట్లు కాల్చినవారు సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌ను ఆరు వారాలు, 14ను రెండు వారాలు, 7ను రెండు వారాలు వాడి ఆపుతారు. ఇక్కడ ఒక విశేషం. మెట్లు దిగకుండా ఒకేసారి ఆపినవారు మళ్ళీ పొగకు ఎక్కువగా తిరిగిపోయారని పరిశోధనలలో రుజువు కాలేదు. మెట్లు ఉన్నది ప్రధానంగా మనిషి సుఖం కోసమే. ఎవరైనా ఒక మెట్టు మీద మరో వారం ఆగితే అది అపజయం కాదు. మెట్టు దిగడానికని ప్యాచ్‌ను కత్తెరతో కోయడం మాత్రం తగదు, తక్కువ పరిమాణం గలదానిని కొనాలి. రాత్రి పీడకలలు వస్తుంటే పడుకునే ముందు తీసివేయవచ్చు. రోజూ ఒకే చోట అంటిస్తే దురద పుడుతుంది గనుక చోటు మార్చాలి.

సోదరి భర్త కూడా పది వారాలలో ప్యాచ్‌లను ముగించారు. మధ్యలో హఠాత్తుగా వచ్చే తహతహ కోసం తీసుకున్న గమ్ మిగిలిపోయింది. అది మిగలడానికి గల మొదటి కారణం వైద్యుడు ఆయనను నమిలి చూపించమన్నప్పుడు బయటపడింది. ఆయన దానిని పిల్లల చూయింగ్ గమ్ లాగా ఆపకుండా నములుతున్నారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి దిగి ఎక్కిళ్ళు, ఛాతీలో మంట, వికారం కలిగిస్తుంది, రక్తంలోకి మాత్రం సరిగా చేరదు. తృప్తి చాలక మరో ముక్క, మరో ముక్క. సరైన పద్ధతి వేరు: నోటిలో ఘాటు తెలిసేవరకు నిదానంగా నమలాలి, తరువాత దవడకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అలా అరగంట. చాయ్, కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింక్ తాగిన తరువాత పావుగంట ఆగాలి, గమ్ నోట ఉండగా తాగకూడదు. ఆ పులుపు నికోటిన్‌ను ఇంకనివ్వదు. మన ఇళ్ళలో చాయ్ ఎంత తరచుగా వస్తుందో తెలిసిందే కదా, ఎందరి గమ్ వృథా అవుతున్నదో!

పద్ధతి సరిదిద్దాక వైద్యుడు ఆయనను మొదటి వారం ఏమీ తగ్గించవద్దన్నారు. ప్రతి ముక్కనూ, వేళనూ, అప్పుడు మనసులో ఏముందో చిన్న పుస్తకంలో రాయమన్నారు. పది ముక్కల లెక్క తేలింది: ఫజర్ తరువాతి చాయ్‌కి ఒకటి, దుకాణం తెరిచేటప్పుడు, మధ్యాహ్న భోజనానికి ముందు, తరువాత, అస్ర్ చాయ్‌కి, మగ్రిబ్ తరువాత రద్దీలో రెండు, ఇంటికి వచ్చే స్కూటర్ మీద, రాత్రి భోజనం తరువాత, పడుకోబోయే ముందు. వాటిలో మూడింటికి ఎదురుగా ‘ఊరికే’ అని రాసి ఉంది. దుకాణం తెరిచేటప్పటిది, భోజనానికి ముందుది, స్కూటర్ మీదది. అవి కోరికతో తీసుకున్నవి కావు, జేబులో ఉన్నందున నోట్లోకి వెళ్ళినవి. అందుచేత మొదట చేసినది పట్టీని చొక్కా జేబులో నుండి తీసి గల్లాపెట్టె వెనుక అరలో పెట్టడం. రెండు వారాలలో పది ఏడైంది.

ఆపైన వారానికి ఒకటి చొప్పున. సులువైనదానిని ముందు, కష్టమైనదానిని చివర. తీసివేసిన ముక్క స్థానంలో నోటికి వేరొక పని కావాలి. ఆయన మిస్వాక్, యాలకులు, చక్కెర లేని మామూలు గమ్ పెట్టుకున్నారు. సోంఫు కూడా పనికివస్తుంది గాని, వక్క కలిసిన పొట్లాలు కాదు, అవి మరో ఆపదకు తలుపు తీస్తాయి. ఆరో వారానికి ఆయన నాలుగు ముక్కలకు వచ్చారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఒక నికాహ్, సరుకు ఇచ్చేవారితో ఒక తగాదా కలిసివచ్చాయి. చిరాకు, నిద్రలేమి, లెక్కల మీద ధ్యాస నిలవకపోవడం. మూడు రోజులు దాటినా తగ్గలేదు, పైగా సిగరెట్ ఆలోచన మళ్ళీ వచ్చింది. గుర్తించవలసిన సూచన ఇదే. కొద్దిపాటి వెలితి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సిగరెట్ తలపునకు వస్తే మాత్రం తగ్గించడం తొందరపడిందన్నమాట. వైద్యుడు వెంటనే ఒక మెట్టు పైకి, ఐదు ముక్కలకు వెళ్ళమన్నారు. రెండు వారాలు అక్కడే ఆగారు. తొమ్మిదో వారంలో నాలుగు, పదో వారంలో మూడు, చివరి రెండు వారాలు రెండేసి. ఫజర్ చాయ్ తరువాతిదీ, రాత్రి భోజనం తరువాతిదీ చివరివరకు నిలిచాయి. పన్నెండో వారం ముగిశాక ఆపివేశారు.

రమజాన్ గురించి చాలామంది మమ్మల్ని అడుగుతారు. రోజాలో గమ్ నమలడం కుదరదు, అది రోజాను భంగపరుస్తుంది. చర్మం మీద అంటించే ఔషధ పట్టీలు రోజాను భంగపరచవని జెద్దాలో 1997లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశం నిర్ణయించింది. అయినా నికోటిన్ ప్యాచ్ విషయంలో వేరుగా అభిప్రాయపడే పండితులు ఉన్నారు గనుక, మీ ప్రాంతపు ఆలింను అడిగి నిశ్చయించుకోండి. ఇక పగలంతా గమ్ లేకుండా గడిపారంటే అలవాటు పోయిందని భావించకండి. పగలంతా ఓర్చుకుని ఇఫ్తార్ కాగానే సిగరెట్ వెలిగించేవారు ఎందరో ఉన్నారు. పైగా పగటి ముక్కలన్నీ ఇఫ్తార్, సహర్‌ల మధ్య కుక్కితే ఎక్కిళ్ళూ ఛాతీమంటా తప్పవు. రాత్రి ముక్కల లెక్కను పెంచకుండా ఉంచితే ఆ నెల ఆయాచితంగా ఒక మెట్టు అవుతుంది.

కొన్ని జాగ్రత్తలు. వికారం, చెమటలు, తలతిరుగుడు, గుండెదడ కలిసి వస్తే నికోటిన్ ఎక్కువైందని అర్థం. గమ్ ఉమ్మివేయాలి, ప్యాచ్ తీసివేయాలి. ఛాతీనొప్పి అయితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గర్భిణులు వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. మన దేశంలో 4 మిల్లీగ్రాముల గమ్‌కు వైద్యుని చీటీ అవసరం. వాడిన ప్యాచ్‌లో కూడా పసిబిడ్డకు హాని చేసేంత నికోటిన్ మిగిలి ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందని చోట పారవేయండి. దగ్గరలో సలహా ఇచ్చేవారు లేకపోతే సిగరెట్ పెట్టెల మీదే ముద్రించిన ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.

ఆ సోదరి నుండి ఇటీవల రెండో లేఖ వచ్చింది. ఆయన గమ్ మాని ఐదు నెలలు అయింది, అల్హమ్దులిల్లాహ్. బీరువా పై అరలో విప్పని పట్టీ ఒకటి ఇంకా ఉందట. పారవేయమంటారా అని అడిగింది. వద్దన్నాము. పెళ్ళి సందడిలోనో, జనాజా నుండి తిరిగివచ్చిన రాత్రో సిగరెట్ తలపు వస్తే, సందులోని కిళ్ళీ కొట్టు కంటే ఆ పై అర దగ్గర.