పళ్లెంలోంచి ఒక్కొక్కటే తీసేస్తుంటే

డిగ్రీ చదువుతున్న పందొమ్మిదేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. మొటిమలు తగ్గుతాయని ముందు పంచదార మానేసింది. నెల తిరిగేసరికి మైదా, వేపుళ్లు పోయాయి. తర్వాత పాలు, పెరుగు వంతు. తెల్లన్నం విషమని కొర్రలకు మారింది, కొన్నాళ్లకు వాటినీ తగ్గించి ఉడికించిన కూరముక్కలతో సరిపెట్టుకుంది. ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. 'ఈ వయసులో ఎంత క్రమశిక్షణో' అని చుట్టాలు తమ పిల్లలకు ఆమెను చూపించారు. ఈ మెచ్చుకోలు చాటునే జబ్బు నెలల తరబడి ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది.

శుద్ధమైన తిండి మీద ఇంతగా పట్టుబిగిసే స్థితికి అమెరికా వైద్యుడు స్టీవెన్ బ్రాట్‌మన్ 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టారు. మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథంలో దీనికి ఇంకా విడిగా చోటు లేదు. అలాగని బాధ నిజం కాకుండా పోదు. పరీక్షించి చూస్తే, కొందరిలో దీని వెనక బరువు పెరుగుతానన్న భయంతో వచ్చే అనొరెక్సియా బయటపడుతుంది.

మరి ఆరోగ్య శ్రద్ధ ఏది, జబ్బు ఏది? ఏం తింటున్నారన్నది చూస్తే తెలియదు. నియమం తప్పిన రోజు ఏం జరుగుతుందో చూడాలి. షుగరు ఉన్న పెద్దాయన పెళ్లిలో సగం లడ్డు తింటే, 'రేపు కాస్త ఎక్కువ నడుస్తాలే' అనుకుని ఊరుకుంటారు. మన అమ్మాయి అలా ఊరుకోలేదు. బామ్మ బలవంతం మీద ఒక్క బొబ్బట్టు తిన్న రాత్రి ఆమెకు నిద్రపట్టదు, పాపం చేసినంత కుంగిపోతుంది. మర్నాడంతా పస్తుంటుంది, లేదా ఆయాసం వచ్చేదాకా మేడమెట్లు ఎక్కి దిగుతుంది. అలాంటి రోజు మళ్లీ రాకూడదని పెళ్లిళ్లకు, స్నేహితుల పుట్టినరోజులకు వెళ్లడం మానేస్తుంది. వెళ్లక తప్పకపోతే డబ్బా పట్టుకెళ్తుంది. 'గ్యాస్ పడుతోంది', 'ఇవాళ ఏకాదశి', 'శనివారం కదా' లాంటి సాకులు ఎక్కువవుతాయి. మన ఇళ్లలో ఉపవాసాన్ని ఎవరూ ప్రశ్నించరు కాబట్టి అవి చెల్లిపోతాయి కూడా.

తల్లిదండ్రులను ఎక్కువగా తికమకపెట్టేది ఇంకొకటి ఉంది. తాను తినని పిల్ల గంటల తరబడి వంటల వీడియోలు చూస్తుంది, ఇంటిల్లిపాదికీ వండి వడ్డిస్తుంది. తిండి మీద ఇంత ఇష్టమున్న పిల్లకు జబ్బేమిటి అనిపిస్తుంది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం కడుపుకే తిండి పెట్టి పరిశీలించారు. వాళ్లలో చాలామందికి తిండి ధ్యాస తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివారు. ఆకలితో ఉన్న మెదడు అలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి ఈ వంటల మోజును కోలుకుంటున్న గుర్తుగా పొరబడకూడదు.

ఒంట్లో కనిపించే గుర్తులు నిదానంగా వస్తాయి. అందరూ ఫ్యాన్ వేసుకున్నప్పుడు ఆమె శాలువా కప్పుకుంటుంది. దువ్వెన నిండా జుట్టు వస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం పట్టుకుంటుంది, నెలసరి తప్పుతుంది. బరువు మామూలుగానే ఉందని, రక్తపరీక్షలు బాగున్నాయని ధీమా పడకూడదు. ముందు లావుగా ఉండి వేగంగా తగ్గినవాళ్లు చూడటానికి బాగానే ఉన్నా గుండె నీరసించిపోయి ఉండవచ్చు. మగపిల్లల్లోనూ ఇది వస్తుంది. 'ఒళ్లు కడుతున్నాడు' అనుకుని వాళ్లను అసలే పట్టించుకోరు.

వరసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, బరువు ఆగకుండా తగ్గుతున్నా, తిన్నది కక్కేస్తున్నా, తినే పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతగా మిగిలినా ఆలస్యం చేయవద్దు. ముందు ఫిజీషియన్‌కు, ఆ వెంటనే మానసిక వైద్యుడికి చూపించాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మెలకువగా ఉండగా నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకుంటున్నా, చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆమెతో మాట్లాడేటప్పుడు కొర్రలు మంచివా, అన్నం మంచిదా అన్న వాదనలోకి దిగకండి. అందులో ఆమే గెలుస్తుంది, చదివింది ఎక్కువ కాబట్టి. భోజనాల వేళ కాకుండా విడిగా కూర్చోబెట్టుకుని, కళ్లారా చూసింది చెప్పండి: 'మొన్న మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డావమ్మా, నాకు భయమేసింది. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.' డాక్టరుకు ఏమేం ఎప్పటినుంచి మానేసిందో, నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చిందో రాసి తీసుకెళ్లండి. 'గ్యాస్' అని చెప్తే గ్యాస్ మందులతోనే తిరిగొస్తారు.

ఇంకో జాగ్రత్త. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఇంట్లోనే ఒక్కసారిగా కడుపునిండా పెట్టవద్దు. అప్పుడు రక్తంలో ఫాస్ఫేటు లాంటి లవణాలు ఉన్నట్టుండి పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో రక్తపరీక్షలు చూసుకుంటూ డాక్టరు, డైటీషియన్ కలిసి నిర్ణయిస్తారు.