బిల్లు పాసైంది, మరి డబ్బు ఎప్పుడు?

హైదరాబాద్ బాలానగర్‌లో రెండు సీఎన్‌సీ యంత్రాలు, ఎనిమిది మంది పనివాళ్లతో నడిచే ఓ చిన్న వర్క్‌షాపు ఉందనుకుందాం. పంపులు తయారుచేసే ఓ పెద్ద కంపెనీకి షాఫ్టులు, బుష్‌లు చేసి పంపడం దాని పని. జులై 5న సరుకు కంపెనీ గోదాముకు చేరింది. పని విలువ 10 లక్షల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,80,000. మొత్తం బిల్లు 11,80,000. పేమెంటు గడువు 90 రోజులని ఆర్డరు కాగితం మీదే ఉంది. అంటే డబ్బు వచ్చేది అక్టోబరు 3న.

ఈ మూడు నెలలూ షాపు యజమానికి ఖర్చులు ఆగవు. ఇనుము ఇచ్చిన వ్యాపారి నెల తిరగ్గానే ఫోన్ చేస్తాడు. ఒకటో తారీఖున జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. జీఎస్టీ రిటర్ను నెలనెలా వేసేవారైతే జులై బిల్లు మీది పన్నును ఆగస్టు 20 నాటికి జమ చేయాలి. ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తీసివేసుకున్నా, మిగిలింది సొంత జేబులోంచే పోవాలి. కంపెనీ నుంచి తనకు రూపాయి రాకముందే, ఆ కంపెనీ తరఫున ప్రభుత్వానికి పన్ను కడుతున్నాడన్నమాట.

చాలామంది ఇలాంటప్పుడు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఏడాదికి చూస్తే అది 24 శాతం. నిజానికి ఈ యజమాని చేతిలో అంతకంటే విలువైన వస్తువు ఒకటుంది. అదే పెద్ద కంపెనీ ఒప్పుకున్న ఆ బిల్లు. దాన్ని గడువుకు ముందే కొంత తగ్గించి బ్యాంకుకు అమ్మేసి, మిగతా సొమ్ము ఇప్పుడే తీసుకోవడాన్ని ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అంటారు.

ఇందులో రెండు రకాలున్నాయి. వాటి తేడా తెలియకపోతే మోసపోయేది చిన్న సరఫరాదారే. మొదటి రకంలో బ్యాంకు బిల్లు మీద డబ్బిస్తుంది గానీ, గడువుకు కంపెనీ కట్టకపోతే తిరిగి సరఫరాదారు ఖాతాలోంచే తీసుకుంటుంది. దీన్ని 'విత్ రికోర్స్' అంటారు. పేరుకు బిల్లు అమ్మకమే అయినా, లెక్కకు అది అప్పే. రెండోది 'వితౌట్ రికోర్స్'. ఇక్కడ బిల్లుతో పాటు వసూలు బాధ్యత కూడా బ్యాంకుకే వెళ్లిపోతుంది. కంపెనీ ఎగ్గొట్టినా సరఫరాదారు తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వనక్కర్లేదు, బిల్లు నిజమైనదైతే చాలు. సంతకం పెట్టేముందు ఒప్పందంలో వెతకాల్సిన మొదటి మాట ఇదే.

ఈ రెండో రకాన్ని చిన్న పరిశ్రమలకు అందుబాటులోకి తెచ్చేందుకు రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. దాని పేరు ట్రేడ్ రిసీవబుల్స్ డిస్కౌంటింగ్ సిస్టమ్, వాడుకలో ట్రెడ్స్. ఎన్‌ఎస్‌ఈ, సిడ్బి కలిసి పెట్టిన ఆర్‌ఎక్స్‌ఐఎల్ 2017 జనవరిలో పని మొదలుపెట్టింది. తర్వాత ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ వచ్చాయి. వీటన్నిటినీ బిల్లుల సంతలు అనుకోవచ్చు. ఒకవైపు బిల్లు ఉన్న సరఫరాదారు, మరోవైపు దాన్ని కొనే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు, మధ్యలో బిల్లు తనదేనని ఒప్పుకునే కంపెనీ.

మన వర్క్‌షాపు బిల్లు ఈ సంతలో ఎలా నడుస్తుందో చూద్దాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా వివరాలిచ్చి యజమాని ముందే సభ్యుడయ్యాడు. సరుకు చేరాక బిల్లును, డెలివరీ కాగితాలను అప్‌లోడ్ చేశాడు. కంపెనీ స్టోర్స్ విభాగం సరుకు లెక్క చూసుకుంది, నాణ్యత పరీక్షలు అయ్యాయి, అకౌంట్స్ విభాగం జులై 13న బిల్లును ఆమోదించింది. ఆ ఆమోదంతో బిల్లు 'ఫ్యాక్టరింగ్ యూనిట్'గా మారింది. మర్నాడు బ్యాంకులు దాని మీద వడ్డీ రేట్లు పాడాయి. వాటిలో తక్కువైన 9 శాతాన్ని యజమాని ఒప్పుకున్నాడు. జులై 15న డబ్బు ఖాతాలో పడింది.

కొలేటరల్ లేని ఎనిమిది మంది వర్క్‌షాపుకు 9 శాతానికి డబ్బు ఎలా వచ్చింది? బ్యాంకులు చూసింది వర్క్‌షాపును కాదు, కంపెనీని. అక్టోబరు 3న కట్టాల్సింది ఆ కంపెనీ కాబట్టి దాని పరపతిని బట్టే రేటు పాడాయి. అదే బిల్లు రేపు బలహీనమైన కంపెనీ మీద ఉంటే రేటు పెరుగుతుంది, లేదా పాడేవారే ఉండరు.

ఇప్పుడు లెక్క. జులై 15 నుంచి అక్టోబరు 3 దాకా 80 రోజులు. 11,80,000 రూపాయల మీద 9 శాతం చొప్పున 80 రోజులకు దాదాపు 23,277 రూపాయలు. అది పోగా చేతికొచ్చేది 11,56,723. వేదిక తీసుకునే కొద్దిపాటి రుసుము దీనికి అదనం. అదే సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుంటే 80 రోజులకు దాదాపు 62,900 అయ్యేది. ఒక్క బిల్లు మీదే 39 వేలకు పైగా తేడా.

చాలామంది ఇక్కడితో సంతోషపడి ఆగిపోతారు. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఆ 23 వేలు ఎవరు భరించాలి?

2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన సొమ్ముకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ కట్టాలి. ఆర్డరు కాగితం మీది 90 రోజుల మాటకు చట్టం ముందు విలువ లేదన్నమాట. ఫిర్యాదు చేయడానికి ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఫెసిలిటేషన్ కౌన్సిళ్లున్నాయి. కానీ ఉన్న ఒక్క పెద్ద కస్టమర్ మీద ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డరు రాదన్న భయంతో చాలామంది నోరు విప్పరు.

ట్రెడ్స్‌లో ఈ భయానికి కొంత విరుగుడు ఉంది. ఇక్కడ వడ్డీని సరఫరాదారే భరించాలన్న నియమం లేదు. కంపెనీ భరించవచ్చు, ఇద్దరూ పంచుకోవచ్చు. మన ఉదాహరణలో చట్టం చెప్పే 45 రోజులు ఆగస్టు 19తో ముగుస్తాయి. జులై 15 నుంచి అప్పటిదాకా 35 రోజుల వడ్డీ, అంటే 10,184 రూపాయలు, వర్క్‌షాపు భరించడం న్యాయం. తనకు తొందరగా డబ్బు కావాలనుకున్నది అది. ఆ తర్వాతి 45 రోజులకు అయ్యే 13,093 రూపాయలు కంపెనీవి, ఎందుకంటే ఆ అదనపు గడువు వాడుకుంటున్నది కంపెనీ. ఇలా ఒప్పించగలిగితే వర్క్‌షాపుకు అందేది 11,69,816. ఈ మాట బిల్లు పెట్టేటప్పుడు కాదు, ఆర్డరు తీసుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. చట్టం పేరెత్తి తగాదా పడనక్కర్లేదు. 90 రోజుల గడువు ఇస్తాం, 45 దాటిన రోజుల వడ్డీ మీరు భరించండి అని అడిగితే అది మామూలు వ్యాపార బేరమే అవుతుంది.

ఈ బండి ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసుకోవాలి. ఎక్కువగా ఆగేది కంపెనీ ఆమోదం దగ్గరే. ఏడాది టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 2025 మార్చి 31 లోగా ట్రెడ్స్‌లో చేరాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. అంతకుముందు ఆ హద్దు 500 కోట్లు. కానీ ఆదేశం చేరమన్నదే తప్ప, ప్రతి బిల్లునూ ఫలానా రోజుల్లో ఆమోదించి తీరాలని చెప్పలేదు. చేరినట్టు పేరుండి బిల్లులు మాత్రం పెండింగులోనే ఉంచితే సరఫరాదారు చేయగలిగింది తక్కువ. మన ఉదాహరణలో ఆమోదం ఎనిమిది రోజుల్లో వచ్చింది. అదే 60 రోజులు పడితే మిగిలేది 30 రోజులే, ఈ ఏర్పాటు వల్ల ఒరిగేది కూడా అంతే.

ఆమోదం ఆలస్యానికి కొన్నిసార్లు సరఫరాదారు కాగితాలే కారణమవుతాయి. ఆర్డరు నంబరు తప్పు పడటం, బిల్లులో రాసిన సంఖ్యకు స్టోర్స్‌లో దిగిన సంఖ్యకు పొంతన లేకపోవడం, తిరస్కరించిన ముక్కలకు క్రెడిట్ నోటు ఇవ్వకపోవడం లాంటివి. కంపెనీ ఏదైనా కోత పెట్టాలంటే ఆమోదానికి ముందే పెట్టాలి. ఒకసారి ఒప్పుకున్నాక నాణ్యత బాగాలేదంటూ బ్యాంకుకు కట్టకుండా ఆపడం కుదరదు. ఆ పేచీ వర్క్‌షాపుతో విడిగా తేల్చుకోవాలి. గడువు రోజున సొమ్ము కంపెనీ ఖాతా నుంచి దానంతటదే బ్యాంకుకు వెళ్తుంది. వెళ్లకపోతే ఎగవేతదారుగా నమోదయ్యేది కంపెనీ.

రెండో చిక్కు సొంత బ్యాంకు దగ్గర వస్తుంది. క్యాష్ క్రెడిట్ తీసుకున్న వర్క్‌షాపుల్లో సరుకుతో పాటు రావాల్సిన బాకీలు కూడా సాధారణంగా ఆ బ్యాంకుకే తాకట్టులో ఉంటాయి. అలాంటి బిల్లును మరొకరికి అమ్మాలంటే సీసీ ఇచ్చిన బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి. అమ్మిన బిల్లును నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులోంచి తీసేయాలి. తీసేయకపోతే ఒకే బిల్లు మీద రెండు చోట్ల డబ్బు తెచ్చినట్టవుతుంది. తెలియక చేసినా బ్యాంకు దాన్ని మోసంగానే చూస్తుంది.

హైదరాబాద్ పాఠకులకు ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అనగానే 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు పెట్టిన కేసు గుర్తుకు రావచ్చు. పెద్ద కంపెనీల బిల్లుల మీద పెట్టుబడి అంటూ వేలమంది దగ్గర డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేదన్నది ఆ కేసు. ట్రెడ్స్‌కు దానితో సంబంధం లేదు. ట్రెడ్స్ వేదికలు రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తాయి, బిల్లులు కొనేది బ్యాంకులు, నమోదైన ఆర్థిక సంస్థలే. బిల్లుల మీద అధిక లాభం ఇస్తామని మామూలు జనాన్ని పెట్టుబడి అడిగేవారు కనిపిస్తే, ముందు వారికి అలాంటి అనుమతి ఎవరిచ్చారో చూడాలి.

నెలల తరబడి పేమెంటు కోసం ఎదురుచూస్తున్న సరఫరాదారు ఈ వారంలోనే చేయగలిగిన పని ఒకటుంది. తన పెద్ద కస్టమర్ అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేసి మూడు విషయాలు అడగాలి. మీరు ఏ ట్రెడ్స్ వేదికలో ఉన్నారు, సరుకు దిగాక ఎన్ని రోజుల్లో బిల్లు ఆమోదిస్తారు, 45 రోజులు దాటిన వడ్డీ ఎవరు భరిస్తారు? ఆ జవాబులు వచ్చాకే మరుసటి ఆర్డరుకు రేటు రాయాలి.