మూల కోసిన పెట్టె

శంషాబాద్ విమానాశ్రయపు కార్గో టెర్మినల్‌లో రాత్రి పదకొండు దాటాకే పని ఊపందుకుంటుంది. గల్ఫ్‌కు, యూరప్‌కు వెళ్లే పెద్ద విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయల్దేరతాయి. వాటి పొట్టలోకి వెళ్లాల్సిన సరుకు అప్పటికి కట్టి సిద్ధంగా ఉండాలి. నేను వెళ్లిన రాత్రి లోపల మొదట కంటబడింది యంత్రాలు కాదు, నేల. వరసగా పరిచిన ఉక్కు రోలర్లు, మూలమలుపుల దగ్గర గుండ్రంగా తిరిగే గుండ్లు. వాటి మీద రెండు టన్నుల సరుకును ఇద్దరు మనుషులు భుజం ఆనించి, తోపుడు బండిని నెట్టినంత సులువుగా నెట్టేస్తున్నారు.

ఆ సరుకంతా నిలబడింది ఒక పల్చని అల్యూమినియం రేకు మీద. దీన్ని ఇక్కడ పాలెట్ అంటారు. కిరాణా కొట్టు వెనక కనిపించే చెక్క పాలెట్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. ఎక్కువగా వాడే రకం పీఎంసీ. పొడవు 318 సెంటీమీటర్లు, వెడల్పు 244. మందం చాలా తక్కువ. దాని చుట్టూ అంచులో ఒక గాడి ఉంటుంది, సరుకు మీద కప్పిన వల కొక్కేలు అందులో దిగి బిగుసుకుంటాయి. వలతో కలిపి అటూ ఇటుగా 120 కిలోలు తూగే ఈ రేకు, సరుకు విమానం పైఅంతస్తులో దాదాపు 6,800 కిలోల దాకా మోస్తుంది. వల లేకపోతే మాత్రం అది ఉత్త రేకే, విమానం ఎక్కదు. అంచు వంగిన పాలెట్‌నూ పక్కన పడేస్తారు. విమానం నేల మీది లాకులు పట్టేది ఆ అంచునే కదా!

ఒక మూల ఐదు చెక్క స్కిడ్లు ఆగి ఉన్నాయి. నగరం చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మందుల పెట్టెలు. వాటి పక్కన టేపు పట్టుకుని నిలబడ్డ సూపర్‌వైజర్ ముఖం చూస్తేనే తెలుస్తోంది, ఏదో తేడా వచ్చిందని.

“ఏమైందన్నా?” అన్నాను.

“హైట్ ఎక్కువొచ్చింది సార్. నూట అరవై దాటితే ప్యాసింజర్ ఫ్లైట్‌ల పోదు. ఇది నూట అరవై ఏడున్నది. వల గట్టినంక ఇంకింత లేస్తది.”

ఆ ఏడు సెంటీమీటర్ల లెక్క కాస్త నిదానంగా చూడాలి. ఒక్కో స్కిడ్ అడుగుభాగం 120 × 80 సెంటీమీటర్లు. మూడింటిని ఒక వరసలో, రెండింటిని అడ్డంగా ఇంకో వరసలో పేరిస్తే ఐదూ ఒక పాలెట్ మీద పడతాయి. అంచుల్లో మిగిలే జాగాలోకి విడి పెట్టెలు వెళ్తాయి. ఒక్కో అట్టపెట్టె అడుగు 40 × 40, ఎత్తు 38. కాబట్టి స్కిడ్ మీద ఒక వరసకు ఆరు పెట్టెలు, నాలుగు వరసలు పేర్చారు. 38 నాలుగుసార్లు అయితే 152, కింద చెక్క మందం 15, మొత్తం 167. ఇప్పుడు పై వరస దించాల్సిందే. అప్పుడు ఎత్తు 129కి పడిపోతుంది, పైన జానెడుకు పైగా గాలి మిగులుతుంది. ఐదు స్కిడ్ల మీద 120 పెట్టెలు పోవాల్సిన చోట 90 మాత్రమే పోతాయి. అదే పెట్టెను ఫ్యాక్టరీలో 35 సెంటీమీటర్ల ఎత్తుతో చేసి ఉంటే నాలుగు వరసలూ 155లో ఇమిడిపోయేవి. అట్టపెట్టెలో మూడు సెంటీమీటర్లు తగ్గించని పాపానికి నాలుగో వంతు సరుకు నేల మీద మిగిలింది.

“ఫ్రైటర్ వచ్చేదాక ఆగితే పోతది, లేదంటే విప్పి మళ్ల కట్టాలె,” అన్నాడాయన. విప్పి కట్టడమంటే గంటల పని. చల్లగా ఉండాల్సిన మందులైతే ఆ గంటలు కూడా లెక్కే. ఆయన ఎగుమతిదారుకు ఫోన్ చేయడానికి వెళ్లాడు. అవతలి వ్యక్తి నిద్రలేచి అడిగే మొదటి ప్రశ్న నాకు దూరం నుంచే వినిపించింది: బరువు తక్కువే కదా, ఎందుకు పోదు?

ఎందుకు పోదో విమానాన్ని అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది. బయటి ఆకారం ఇంచుమించు గుండ్రం. మధ్యలో అడ్డంగా ప్రయాణికుల గచ్చు. దాని కింద మిగిలేది బాండీ ఆకారం: అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. బాండీ అడుగున సరుకు కోసం మరో గచ్చు వేశాక, దానికీ పై గచ్చు దూలాలకూ మధ్య నిలువునా దొరికేది దాదాపు మనిషి ఎత్తు. ఆ ఎత్తును పెంచాలంటే ప్రయాణికుల తలల మీద తగ్గించాలి. అందుకే పెద్ద విమానాలన్నింటిలోనూ పొట్ట సరుకుకు ఇంచుమించు 160 సెంటీమీటర్ల లెక్కే నడుస్తుంది.

ఆ బాండీ ఆకారానికి తగ్గట్టు పుట్టిందే ఎల్డీ-3 అనే కంటెయినర్. విమానాశ్రయాల్లో సామాను నింపుకుని చిన్న బండ్ల వెనక రైలుపెట్టెల్లా పోతూ కనిపించేది ఇదే. కింది మూల ఒకటి ఏటవాలుగా కోసేసినట్టుంటుంది. అడుగు వెడల్పు 156 సెంటీమీటర్లు, పైన 201, ఎత్తు 163. రెండింటిని పక్కపక్కన, కోసిన మూలలు బయటి వైపుకు ఉండేలా పెడితే విమానం గోడ వంపుకు సరిగ్గా అతుక్కుంటాయి. సరుకుతో సహా ఒక్కోటి 1,588 కిలోలు మించకూడదు. ఇబ్బందల్లా ఆ ఏటవాలు మూలతోనే. నలుచదరపు అట్టపెట్టె అక్కడ కూర్చోదు. చేయి తిరిగిన లోడర్ ఆ మూలకు చిన్న పెట్టెలు, మెత్తటి మూటలు ఏరి పెడతాడు. కొత్తవాడు పెద్ద పెట్టె కుక్కాడంటే దాని అంచు ఆ వాలు మీద ఆని, పైబరువుకు నలిగిపోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. మొదట విమానం ఆకారాన్ని బట్టి పెట్టె మూల కోశారు. తర్వాత ఆ పెట్టె కోసం విమానాలు చేశారు! ఎయిర్‌బస్ తన మొట్టమొదటి విమానం ఏ300కు 5.64 మీటర్ల అడ్డుకొలత ఖాయం చేసింది, కింద రెండు ఎల్డీ-3 పెట్టెలు పక్కపక్కన పట్టాలనే. అది 1972లో ఎగిరింది. ఆ కొలత ఏ330 దాకా అలాగే కొనసాగింది. బోయింగ్ 767ను సన్నగా, అయిదు మీటర్ల అడ్డుకొలతతో చేసింది. దాంతో రెండు ఎల్డీ-3లు పక్కపక్కన పట్టక, ఆ విమానానికి వేరే చిన్న పెట్టె పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో చోటికి మారాల్సిన సరుకైతే అక్కడ పెట్టె విప్పి మళ్లీ నింపాలి. తర్వాతి పెద్ద విమానాలను బోయింగ్ మళ్లీ అంత సన్నగా చేయలేదు.

747 మూపురం వెనకా సరుకు కథే ఉంది. 1960లలో దాన్ని గీస్తున్నప్పుడు, ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాలు రేపో మాపో వచ్చి ప్రయాణికుల్ని ఎగరేసుకుపోతాయని అందరూ నమ్మారు. అప్పుడు ఇది సరుకు విమానంగానైనా బతకాలని, పైఅంతస్తులో ఎనిమిదడుగుల కంటెయినర్లు రెండు పక్కపక్కన పట్టేంత వెడల్పు పెట్టారు. ముక్కు పైకి తెరుచుకుని పొడవాటి సరుకు నేరుగా లోపలికి పోవాలి కాబట్టి పైలట్ల గదిని నెత్తికెత్తారు. మూపురం అలా మిగిలింది. ఆ ముక్కు తలుపుకూ ఒక మెలిక ఉంది. నెత్తి మీద పైలట్ల గది ఉండటంతో అందులోంచి పోయే ఎత్తు రెండున్నర మీటర్ల లోపే. మూడు మీటర్ల ఎత్తు సరుకైతే పక్క తలుపులోంచే ఎక్కాలి, కానీ అక్కడ మరీ పొడవు పనికిరాదు. పొడవూ ఎత్తూ రెండూ ఉన్న వస్తువుకు రెండు దారులూ మూసుకుపోయినట్టే.

సరుకు విమానాల పైఅంతస్తు ఆ బాండీని బోర్లించినట్టుంటుంది. కింద వెడల్పు, పైమూలలు లోపలికి వంగుతాయి. 777 ఫ్రైటర్‌లో పైన 27 పాలెట్లు, మూడు మీటర్ల దాకా ఎత్తు. పై వరస దించిన మన మందుల స్కిడ్లు ఒకదాని మీద ఒకటి రెండు పేర్చాలంటే పైమూలల పెట్టెలను మాత్రం కొంచెం లోపలికి జరపాలి. ఇంకా పెద్దదైతే సామాన్య విమానాల పని కాదు. 2016 మేలో ఆంటొనోవ్ ఏఎన్-225 శంషాబాద్‌లో దిగినప్పుడు జనం ఎగబడి చూశారు. ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాకు వంద టన్నులు దాటిన జనరేటర్‌ను మోసుకుపోతూ దారిలో ఆగిందది. పాలెట్లతో పని లేకుండా, ముక్కు ఎత్తి సరుకును నేరుగా మింగే ఆ ఒకే ఒక్క విమానం 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో నాశనమైంది.

మన ఊళ్ల మధ్య తిరిగే చిన్న విమానాల సంగతి దీనికి పూర్తిగా అవతలి కొస. బోయింగ్ 737లో పాలెట్లూ లేవు, పెట్టెలూ లేవు. మనుషులే లోపల మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వస్తువూ పేరుస్తారు. ముందు తలుపు వెడల్పు 122 సెంటీమీటర్లు, ఎత్తు 89. తలుపులో పట్టినంత మాత్రాన సరిపోదు, లోపలికి వెళ్లాక మలుపు తిరగాలి. పాత ఇంటి మెట్ల మలుపులో బీరువా ఇరుక్కోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అందుకే ప్రతి విమానానికీ ఒక పట్టిక ఉంటుంది: ఇంత వెడల్పు, ఇంత ఎత్తు ఉంటే ఇంత పొడవు దాకా పడుతుందని. సన్నటి పైపు పొడవుగా పోతుంది. అదే పొడవు, కానీ మందం ఎక్కువైన పెట్టె తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఆకారం కుదిరాక బరువు వంతు. ఏ పాలెట్ ఏ గడిలో, ఎన్ని కిలోలు అన్నది కాగితం మీద ముందే తేలుతుంది. తోక బరువెక్కితే విమానం ముక్కు దించడం కష్టం. లాకు పడకపోయినా, పట్టీలు చాలకపోయినా ఏమవుతుందో 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రామ్‌లో లోకం చూసింది. అయిదు సైనిక వాహనాలతో లేచిన 747లో వాహనం వెనక్కి జారి, వెనక గోడను పొడిచి, తోకను నడిపే యంత్రాలను విరగ్గొట్టింది. లోపలున్న ఏడుగురూ చనిపోయారు. అంత బరువును ఎన్ని పట్టీలు ఆపగలవన్న లెక్కలోనే లోపం ఉందని దర్యాప్తులో తేలింది. ఆ సంగతి తెలిసే కాబోలు, ఇక్కడ కుర్రాడు ఒక్కో కొక్కేన్నీ వేలితో లాగి చూస్తూ పాలెట్ చుట్టూ తిరుగుతున్నాడు.

కార్గో టెర్మినల్ లోపలికి పాస్ లేనిదే ఎవరినీ పోనివ్వరు. సరుకు పంపేవాళ్లకు ఏజెంటే దారి. పెట్టె కట్టే ముందే ఏ విమానంలో వెళ్తుందో, ఎత్తు పరిమితి ఎంతో ఆయన్ని అడగడం మంచిది. చార్జీకి అసలు బరువు ఒకటే చాలదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే అంకె అసలు బరువుకన్నా ఎక్కువైతే, దానికే డబ్బు కట్టాలి. పైన చెప్పిన 38 ఎత్తు పెట్టె ఎనిమిది కిలోలే తూగినా పదికి పైగా కిలోలకు బిల్లు పడుతుంది. కొరియర్ కంపెనీలు చాలావరకు 5,000తోనే భాగిస్తాయి, అంటే ఇంకా ఎక్కువ. అమెరికాలోని పిల్లలకు పంపే ఆవకాయకు సాధారణంగా అసలు బరువే లెక్క. వడియాలకూ అప్పడాలకూ మాత్రం మధ్యలో ఉన్న గాలికి కూడా కడుతున్నట్టే.

లోపలికి వెళ్లలేకపోయినా ఈ పనిని దగ్గర్నుంచి చూసే వీలు ఒకటుంది. విదేశాలకు పోయే పెద్ద విమానం ఎక్కినప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకోండి. పొట్టకున్న పెద్ద సరుకు తలుపులు ఆ వైపే ఉంటాయి. హైలోడర్ పైకి లేస్తుంది, దాని మీద ఒక ఎల్డీ-3 నెమ్మదిగా తిరుగుతుంది, కోసిన మూల ఒక్క క్షణం మీ వైపు కనిపించి లోపలి చీకట్లోకి పోతుంది. ఆ వెంటనే మీ కాళ్ల కింద లాకు పడిన చిన్న చప్పుడు వినిపిస్తుంది.